కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, అడిషనల్ ఇన్సూర్డ్ క్లాజు: టెక్సస్‌లో కమర్షియల్ బిల్డింగ్ ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాలస్ దగ్గర ఒక నిర్మాణ సంస్థలో కాంట్రాక్టుల కాగితాలు చూస్తాను. సబ్‌కాంట్రాక్టర్లు పంపే ఇన్సూరెన్స్ సర్టిఫికెట్లన్నీ నా బల్ల మీదుగానే వెళ్తాయి. ఇక్కడ మనవాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక ఎల్ఎల్‌సీ పెట్టుకుని చిన్న షాపింగ్ సెంటరో, మోటెలో కొంటూ ఉంటారు. కొన్న కొద్ది రోజులకే రూఫ్ మార్చాల్సి వస్తుంది, లేదా పార్కింగ్ తవ్వాల్సి వస్తుంది. కాంట్రాక్టర్ ఒక పేజీ సర్టిఫికెట్ ఈమెయిల్ చేస్తాడు. "అన్నా, ఇది ఓకేనా?" అని నాకు వాట్సాప్ వస్తుంది. అలా వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెడుతున్నాను. ఇవి టెక్సస్‌లో కమర్షియల్ బిల్డింగుల గురించి. వేరే రాష్ట్రంలో చట్టం వేరుగా ఉండొచ్చు. పెద్ద పనైతే సంతకానికి ముందే కాంట్రాక్టులోని ఇన్సూరెన్స్ క్లాజును మీ లాయరుకు, మీ సొంత ఇన్సూరెన్స్ ఏజెంటుకు చూపించండి.

నా బిల్డింగ్‌కు నా ఇన్సూరెన్స్ ఉంది. కాంట్రాక్టర్ పాలసీలో నా పేరు ఎందుకు?

రూఫ్ మీద పనిచేస్తున్న మనిషి కిందపడ్డాడనుకుందాం. అతని యజమాని, అంటే కాంట్రాక్టర్, వర్కర్స్ కాంపెన్సేషన్ కట్టి ఉంటే ఆ డబ్బు అతనికి వస్తుంది, కానీ మామూలుగా యజమాని మీద దావా వేసే వీలు ఉండదు. అందుకని అతని లాయరు బిల్డింగ్ ఓనర్ మీద వేస్తాడు. చివరికి మీ తప్పేమీ లేదని తేలినా, తేలేలోపు లాయర్ల ఖర్చే లక్ష డాలర్లు దాటొచ్చు.

కాంట్రాక్టర్ జనరల్ లయబిలిటీ పాలసీలో, అంటే బయటివాళ్లకు జరిగే గాయాలకు, నష్టాలకు తీసుకునే పాలసీలో, మీరు అడిషనల్ ఇన్సూర్డ్ అయితే, అంటే దాని రక్షణ మీకూ వర్తించేలా చేర్చి ఉంటే, ఆ కేసులో మీ తరఫున లాయరును పెట్టాల్సిన బాధ్యత కాంట్రాక్టర్ ఇన్సూరెన్స్ కంపెనీకి వస్తుంది. మామూలు పాలసీల్లో ఆ లాయరు ఖర్చు పాలసీ లిమిట్‌లోంచి తగ్గదు. మీ సొంత పాలసీ మీద క్లెయిమ్ పడదు కాబట్టి వచ్చే ఏడాది మీ ప్రీమియం దానివల్ల పెరగదు. ఓనర్‌కు ఇందులో ఉన్న అసలు లాభం ఇదే.

సర్టిఫికెట్ హోల్డర్ అన్నా, అడిషనల్ ఇన్సూర్డ్ అన్నా ఒకటేనా?

కాదు. అమెరికాలో దాదాపు అందరూ వాడే సర్టిఫికెట్ ఫారం ACORD 25. అందులో కింద ఎడమవైపు CERTIFICATE HOLDER అనే పెట్టె ఉంటుంది. ఆ పెట్టెలో పేరు ఉందంటే ఆ కాగితం మీకు పంపారని మాత్రమే అర్థం. అడిషనల్ ఇన్సూర్డ్ అంటే పాలసీ లోపల మీకు హక్కు ఉండటం. రెండింటికీ సంబంధం లేదు.

ADDL INSD గడిలో Y అని ఉంది. ఇంకేం కావాలి?

ఆ Y వేసింది ఏజెంటు ఆఫీసులో సర్టిఫికెట్లు టైపు చేసే ఉద్యోగి. పాలసీ రాసిన కంపెనీ కాదు. అదే కాగితం పైన పెద్ద అక్షరాల్లో ఇది సమాచారం కోసం ఇచ్చినదనీ, పట్టుకున్నవారికి ఏ హక్కూ ఇవ్వదనీ రాసి ఉంటుంది. అడిషనల్ ఇన్సూర్డ్ కావాలంటే పాలసీలోనే ఆ నిబంధన ఉండాలనీ, లేదా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసి దాన్ని మార్చే కాగితం, ఉండాలనీ దాని కిందే ఉంటుంది. చిన్న అక్షరాలని చాలామంది దాటేస్తారు.

ఇది టెక్సస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయం. 2006లో తేలిన వయా నెట్ వర్సెస్ టీఐజీ కేసులో సర్టిఫికెట్ మీద వయా నెట్ అడిషనల్ ఇన్సూర్డ్ అని స్పష్టంగా ఉంది. పాలసీలో మాత్రం ఆ ఎండార్స్‌మెంట్ లేదు. ప్రమాదం జరిగి, దెబ్బతిన్న కార్మికుడు దావా వేశాక అడిగితే ఇన్సూరెన్స్ కంపెనీ కాదంది. మాట తప్పిన కాంట్రాక్టర్ మీద కేసు వేయబోతే నాలుగేళ్ల గడువు దాటిపోయింది. సర్టిఫికెట్ చూసి నమ్మాం, మాకు తర్వాతే తెలిసింది అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పాలసీ అడిగి చూసుకోవాల్సింది మీరేనంది. ఆ తర్వాత 2012 నుంచి అమల్లోకి వచ్చిన టెక్సస్ ఇన్సూరెన్స్ కోడ్ 1811వ అధ్యాయం కూడా సర్టిఫికెట్ వల్ల పాలసీ మారదని, పెరగదని చెబుతోంది.

మరి ఏ కాగితాలు అడగాలి?

మూడు. మొదటిది, పాలసీ డిక్లరేషన్స్ పేజీ. పాలసీదారు పేరు, నంబరు, తేదీలు, లిమిట్లు ఇందులో ఉంటాయి. రెండోది, షెడ్యూల్ ఆఫ్ ఫారమ్స్. పాలసీకి కుట్టిన ప్రతి ఫారం నంబరు ఉండే జాబితా ఇది. మూడోది, మీకు సంబంధించిన ఎండార్స్‌మెంట్ల పూర్తి కాపీలు.

ప్రీమియం ఎంతో చూపించడం ఇష్టం లేదని కాంట్రాక్టర్ అంటే, ఆ అంకెలు కొట్టేసి పంపమనండి. అది న్యాయమే. షెడ్యూల్ ఆఫ్ ఫారమ్స్ మాత్రం వదలొద్దు. మీకు పనికొచ్చే ఎండార్స్‌మెంట్లు కాంట్రాక్టర్ తనంతట తానే పంపుతాడు. మీకు నష్టం చేసే ఎక్స్‌క్లూజన్ల పేర్లు, అంటే దేనికి రక్షణ లేదో చెప్పే నిబంధనల పేర్లు, ఈ జాబితాలోనే కనిపిస్తాయి.

ఇంకో మాట. సర్టిఫికెట్ కాంట్రాక్టర్ చేతి నుంచి కాక ఏజెంటు ఆఫీసు నుంచి నేరుగా రావాలి. పాత పీడీఎఫ్‌లో తేదీ మార్చి పంపినవి నేను చూశాను. అనుమానం వస్తే సర్టిఫికెట్ మీది నంబరుకు కాకుండా ఏజెన్సీ నంబరు విడిగా వెతికి ఫోన్ చేయండి.

CG 20 10, CG 20 37 అంటున్నారు. ఏమిటి తేడా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఇవి అడిషనల్ ఇన్సూర్డ్ ఎండార్స్‌మెంట్ ఫారాల నంబర్లు. CG 20 10 పని జరుగుతున్నంత కాలం మిమ్మల్ని కాపాడుతుంది. పని పూర్తయి, బిల్డింగ్ వాడకంలోకి వచ్చాక జరిగే నష్టానికి అది వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. పని పూర్తయిన తర్వాతి కాలానికి కావలసింది CG 20 37. రూఫ్, ప్లంబింగ్, వాటర్‌ప్రూఫింగ్ లాంటి పనుల్లో నష్టం సాధారణంగా కాంట్రాక్టర్ వెళ్లిపోయాకే బయటపడుతుంది. అందుకే రెండూ కావాలి.

నేను ఈ ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఒక రూఫింగ్ సబ్‌కాంట్రాక్టర్ దగ్గర CG 20 10 కాపీ తీసుకుని, ఎండార్స్‌మెంట్ వచ్చిందని తృప్తిపడి ఫైలు మూసేశాను. కాంట్రాక్టులో రెండూ రాసి ఉన్నాయి. పని అయిన 14 నెలలకు వానాకాలంలో డ్రైన్ దగ్గర అతుకు వీడి, కింద బట్టల షాపులో సరుకంతా తడిసింది. షాపువాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లకు డబ్బిచ్చి, ఓనర్ మీద, మా మీద దావా వేసింది. సబ్‌కాంట్రాక్టర్ కంపెనీకి రాస్తే రెండు వాక్యాల జవాబు వచ్చింది: పని ముగిసింది, మీరు మా ఇన్సూర్డ్ కారు. ఆ కేసు మా సొంత పాలసీ మీద నడిచింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. అప్పటి నుంచి ఈ రెండు నంబర్లు పక్కపక్కన కనిపించే వరకు ఏ రూఫింగ్ ఫైలూ మూయను.

ఫారం నంబరు చివర వచ్చే నాలుగు అంకెలు కూడా చూడండి. CG 20 10 04 13 అంటే 2013 ఏప్రిల్ ఎడిషన్. 1985 నాటి 11 85 ఎడిషన్‌లో పని అయ్యాక కూడా రక్షణ ఉండేది, మాటలు చాలా విశాలంగా ఉండేవి. కాబట్టి పాత కాంట్రాక్టుల్లోంచి కాపీ కొట్టిన క్లాజుల్లో ఇప్పటికీ ఆ నంబరే కనిపిస్తుంది. ఈ రోజుల్లో అది దొరకడం బహు కష్టం. దొరకని దాన్ని క్లాజులో రాసుకుంటే కాంట్రాక్టర్ సంతకం పెట్టి వేరేది పంపుతాడు, మీరూ చూడరు. 2004 జులై ఎడిషన్ నుంచి మాట మారింది. నష్టానికి కాంట్రాక్టర్ చేసిన పని కొంతైనా కారణమైతేనే మీకు రక్షణ. పూర్తిగా మీ తప్పే అయితే ఉండదు.

"మా పాలసీలో బ్లాంకెట్ ఉంది, మీ పేరు విడిగా రాయనక్కర్లేదు" అంటున్నాడు. నిజమేనా?

తరచుగా నిజమే. బ్లాంకెట్ అంటే, రాతపూర్వక కాంట్రాక్టులో ఎవరిని చేర్చమని ఒప్పుకున్నామో వాళ్లు వాళ్లంతట వాళ్లే చేరతారని రాసే ఎండార్స్‌మెంట్. చూడాల్సినవి రెండు.

మొదటిది, కాంట్రాక్టు ఎవరి మధ్య ఉండాలి అన్నది. CG 20 33 అనే ఫారంలో పాలసీదారు ఎవరితో నేరుగా రాసుకున్నాడో వాళ్లకే రక్షణ. మీరు రూఫింగ్ కంపెనీతో రాసుకున్నారు. ఆ కంపెనీ పనిని ఇంకో క్రూకు ఇచ్చింది. ఆ క్రూ పాలసీలో CG 20 33 ఉంటే రూఫింగ్ కంపెనీ చేరుతుంది, మీరు చేరరు. ఎందుకంటే మీకూ ఆ క్రూకూ మధ్య కాగితం లేదు. ఇలాంటి చోట CG 20 38 కావాలి. కాంట్రాక్టులో చేర్చమని చెప్పిన పైవాళ్లను కూడా అది కలుపుకుంటుంది.

రెండోది, ఈ రెండు ఫారాలూ పని జరుగుతున్న కాలానికే. పని అయ్యాక ఏమిటని మళ్లీ విడిగా అడగాలి. చాలా కంపెనీలు తమ సొంత నంబర్లతో బ్లాంకెట్ ఫారాలు వాడతాయి. వాటికి ఈ CG నంబర్లు ఉండవు కాబట్టి మాటలు చదవడం తప్ప దారి లేదు. "కంప్లీటెడ్ ఆపరేషన్స్" అన్న మాట ఉందా, "రాతపూర్వక కాంట్రాక్టు నష్టానికి ముందే సంతకమై ఉండాలి" అన్న షరతు ఉందా చూడండి. ఈ రెండో షరతు వల్లనే, మాటమీద పని మొదలుపెట్టి వారం తర్వాత సంతకాలు చేసుకునే అలవాటు ప్రమాదం.

క్లాజులో లిమిట్ ఎంత రాయాలి? ఒక మిలియన్ అని రాస్తే చాలదా?

ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. 2013 ఏప్రిల్ ఎడిషన్ నుంచి అడిషనల్ ఇన్సూర్డ్ ఫారాల్లో ఒక వాక్యం చేరింది. కాంట్రాక్టులో అడిగిన మొత్తం, పాలసీలో ఉన్న మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే మీకు ఇస్తారు.

అంటే కాంట్రాక్టర్‌కు మిలియన్ డాలర్ల పాలసీ, పైన ఐదు మిలియన్ల అంబ్రెల్లా, అంటే ఆ లిమిట్ అయిపోయాక అందుకునే అదనపు పాలసీ, ఉన్నా, మీ క్లాజులో మిలియన్ అనే రాసుకుంటే మీకు దక్కేది మిలియన్ దగ్గరే ఆగొచ్చు. కాబట్టి "కనీసం ఇంత, లేదా కాంట్రాక్టర్ పాలసీల్లో ఉన్న మొత్తం, ఏది ఎక్కువైతే అది" అన్న అర్థం వచ్చేలా మీ లాయరు చేత రాయించండి. అంబ్రెల్లాలోనూ మీరు అడిషనల్ ఇన్సూర్డ్ అని, అదీ మీ సొంత పాలసీ కంటే ముందు చెల్లించాలని రాయించండి.

ఒక క్లాజునూ, దానికి వచ్చిన సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టి చూపిస్తారా?

ఇర్వింగ్ వైపు తొమ్మిది షాపుల స్ట్రిప్ సెంటర్ అనుకోండి. ఓనర్ ఒక ఎల్ఎల్‌సీ. 1,86,000 డాలర్లకు రూఫ్ మార్పు. పని మే 12న మొదలై జూన్ నెలాఖరుకు అవ్వాలి. నాకు వచ్చే ఫైళ్లలో ఉండే తప్పులనే ఒకచోట చేర్చి ఈ లెక్క అల్లాను.

క్లాజు అడిగింది ఇది. జనరల్ లయబిలిటీ ఒక్కో ఘటనకు మిలియన్, మొత్తం రెండు మిలియన్లు, ఆ మొత్తం ఈ ప్రాజెక్టుకు విడిగా ఉండాలి. ఓనర్ ఎల్ఎల్‌సీ, ప్రాపర్టీ మేనేజరు, లోన్ ఇచ్చిన బ్యాంకు అడిషనల్ ఇన్సూర్డ్‌గా ఉండాలి, పని సమయంలోనూ, పని అయ్యాకా. కాంట్రాక్టర్ పాలసీయే ముందు చెల్లించాలి, ఓనర్ పాలసీని వాటా అడగకూడదు. సబ్రొగేషన్ వదులుకోవాలి, అంటే కాంట్రాక్టర్ కంపెనీ డబ్బు కట్టాక తిరిగి ఓనర్ మీద పడకూడదు. వర్కర్స్ కాంపెన్సేషన్ తప్పనిసరి.

సర్టిఫికెట్ వచ్చింది. లిమిట్లు సరిగ్గా ఉన్నాయి, ADDL INSD గడిలో Y, SUBR WVD గడిలో Y. చూడగానే బాగుందనిపిస్తుంది. ఇప్పుడు పైనుంచి కిందికి వద్దాం.

INSURED పెట్టెలో ఉన్నది ఒక వ్యక్తి పేరు, పక్కన ఆయన వ్యాపారానికి వాడే పేరు. మీ కాంట్రాక్టు మీద సంతకం చేసింది అదే పేరుతో ఉన్న ఎల్ఎల్‌సీ. ఇద్దరూ ఒకటే కదా అనుకుంటాం. పాలసీ దృష్టిలో ఒకటి కాదు. పాలసీలో లేని కంపెనీ చేసిన పనికి ఆ పాలసీ జవాబు చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క తేడాతోనే ఫైలు వెనక్కి పంపాలి.

తర్వాత తేదీ. POLICY EXP గడిలో జూన్ 1. పని జూన్ ఆఖరు దాకా ఉంది. ఇది తప్పు కాదు, పాలసీలు ఏడాదికొకసారి ముగుస్తాయి. క్యాలెండరులో మే 25న గుర్తు పెట్టుకుని కొత్త పాలసీ కాగితాలు మళ్లీ మొదటినుంచీ తెప్పించాలి. కొత్త ఏడాదిలో కంపెనీ మారితే ఎండార్స్‌మెంట్లన్నీ మారతాయి.

లిమిట్ల దగ్గర మూడు చిన్న గడులుంటాయి: POLICY, PROJECT, LOC. ఇక్కడ POLICY గడిలో గుర్తుంది. అంటే ఆ రెండు మిలియన్లు కాంట్రాక్టర్ ఏడాదంతా చేసే పనులన్నిటికీ కలిపి. వేరే ఊళ్లో రెండు పెద్ద ప్రమాదాలు జరిగితే మీ పని నాటికి అందులో ఏమీ మిగలకపోవచ్చు. క్లాజు అడిగింది PROJECT. దానికి CG 25 03 అనే ఎండార్స్‌మెంట్ ఉంటుంది. ఖర్చు తక్కువ, చాలామంది కాంట్రాక్టర్లు అడిగితే వేయిస్తారు.

ఇప్పుడు వెనకాల జతచేసిన ఎండార్స్‌మెంట్. CG 20 10 12 19 వచ్చింది. దాని షెడ్యూల్‌లో పేరు చూస్తే షాపింగ్ సెంటర్ బోర్డు మీది పేరు రాశారు. అది ఒక కంపెనీ కాదు, బిల్డింగ్‌కు పెట్టుకున్న పేరు. ఓనర్ ఎల్ఎల్‌సీ పేరు లేదు, మేనేజరు లేరు, బ్యాంకు లేదు. CG 20 37 అసలు లేదు.

DESCRIPTION OF OPERATIONS పెట్టెలో మాత్రం ఏజెంటు ఉదారంగా రాశాడు: ఓనర్, మేనేజరు, బ్యాంకు అందరూ ప్రైమరీ పద్ధతిలో, అంటే కాంట్రాక్టర్ పాలసీయే ముందు చెల్లించేలా, అడిషనల్ ఇన్సూర్డ్‌లని. షెడ్యూల్ ఆఫ్ ఫారమ్స్ తెప్పిస్తే, ప్రైమరీ అని చెప్పే CG 20 01 జాబితాలో లేదు. సబ్రొగేషన్ వదులుకునే CG 24 04 ఉంది. అంటే రెండు మాటల్లో ఒకటి నిజం, ఇంకొకటి ఉత్త మాట. సర్టిఫికెట్ చదివి ఇది చెప్పలేం.

వెనక్కి పంపే ఈమెయిల్ ఇలా ఉండాలి: పాలసీదారు పేరు కాంట్రాక్టుతో సరిపోలేదు, CG 20 10 షెడ్యూల్‌లో ఈ మూడు పేర్లు ఉండాలి, CG 20 37, CG 20 01, CG 25 03 జతచేయాలి, అవి వచ్చే వరకు మే 12 ప్రారంభం లేదు. "సర్టిఫికెట్ సరిచేసి పంపండి" అని మాత్రం రాయకండి. అలా రాస్తే సర్టిఫికెట్ ఒక్కటే సరిచేస్తారు, పాలసీ అలాగే ఉంటుంది.

షెడ్యూల్ ఆఫ్ ఫారమ్స్‌లో ఏ ఎక్స్‌క్లూజన్లు కనిపిస్తే ఆగాలి?

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఉద్యోగుల గాయాల ఎక్స్‌క్లూజన్. మామూలు పాలసీలో కాంట్రాక్టర్ తన ఉద్యోగి గాయానికి తనకు రక్షణ లేదని ఉంటుంది. అది సహజం, దానికి వర్కర్స్ కాంప్ ఉంది. కొన్ని చవక పాలసీల్లో దాన్ని మార్చి, ఏ ఇన్సూర్డ్ ఉద్యోగికైనా, ఏ కాంట్రాక్టర్ లేక సబ్‌కాంట్రాక్టర్ ఉద్యోగికైనా జరిగిన గాయానికి ఎవరికీ రక్షణ లేదని రాస్తారు. మొదటి ప్రశ్నలో రూఫ్ మీంచి పడ్డ మనిషిని గుర్తుచేసుకోండి. ఓనర్ మీద వచ్చే కేసు సరిగ్గా అదే. ఈ ఎక్స్‌క్లూజన్ ఉంటే CG 20 10 ఉన్నా ఆ కేసులో మీకు ఏమీ రాదు. జాబితాలో "ఇంజరీ టు ఎంప్లాయీస్", "ఎంప్లాయర్స్ లయబిలిటీ ఎక్స్‌క్లూజన్", "యాక్షన్ ఓవర్" అన్న మాటలు కనిపిస్తే ఆ పేజీ తెప్పించి చదవండి.

రూఫ్ పనికి ఇంకో రెండున్నాయి. తెరిచి ఉంచిన రూఫ్‌లోంచి వాన నీరు దిగితే కలిగే నష్టం, టార్చ్ వాడటం వల్ల వచ్చే మంట. ఈ రెంటికీ కొన్ని పాలసీలు షరతులు పెడతాయి. సాయంత్రం రూఫ్ కప్పి వెళ్లాలి, మంట పని అయ్యాక ఇంతసేపు కాపలా ఉండాలి లాంటివి. కాంట్రాక్టర్ ఆ షరతు పాటించకపోతే మీ రక్షణా పోతుంది. అలాగే, సబ్‌కాంట్రాక్టర్ల చేత చేయించిన పనికి వాళ్ల దగ్గర కూడా ఇదే స్థాయి ఇన్సూరెన్స్ తీసుకుని ఉండాలనే షరతు ఉందేమో చూడండి. రూఫింగ్‌లో పని నిజంగా చేసేది చాలాసార్లు కింది క్రూయే.

టెక్సస్‌లో వర్కర్స్ కాంపెన్సేషన్ తప్పనిసరి కాదటగా?

ప్రైవేటు యజమానులకు చట్టప్రకారం తప్పనిసరి కాదు, నిజమే. అందుకే మీ క్లాజులో తప్పనిసరి చేయాలి. సర్టిఫికెట్‌లో ఆ వరస ఖాళీగా ఉంటే లేదని అర్థం. కొందరు దాని కింది వరసలో "ఆక్యుపేషనల్ యాక్సిడెంట్" అని పెడతారు. అది వేరే పాలసీ. అది ఉన్నంత మాత్రాన ఉద్యోగి తన యజమాని మీద దావా వేసే హక్కు పోదు. వర్కర్స్ కాంప్ స్థానంలో దాన్ని ఒప్పుకోకండి. యజమాని లేదా భాగస్వాములను మినహాయించారా అని అడిగే చిన్న Y/N గడి కూడా ఉంటుంది. ఆ యజమానే నిచ్చెన ఎక్కి పనిచేసే మనిషైతే ఆ గడి ముఖ్యం. వర్కర్స్ కాంప్ ఉందో లేదో టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ వెబ్‌సైట్‌లో యజమాని పేరుతో వెతికి చూసుకోవచ్చు.

పాలసీ రద్దయితే నాకు 30 రోజుల ముందు చెబుతారని క్లాజులో ఉంది. సర్టిఫికెట్‌లో ఆ మాట లేదేం?

ఇప్పటి ACORD 25లో పాలసీ నిబంధనల ప్రకారం నోటీసు ఇస్తారని మాత్రమే ఉంటుంది. రోజుల లెక్క లేదు. ఏజెంటు "నేను రాయలేను" అంటే తప్పించుకుంటున్నాడని అనుకోకండి. టెక్సస్ చట్టం ప్రకారం కూడా పాలసీలో లేక ఎండార్స్‌మెంట్‌లో మీకు నోటీసు హక్కు ఉంటేనే నోటీసు. కాబట్టి ఆ ఎండార్స్‌మెంట్ అడగాలి.

అది ఉన్నా, ప్రీమియం కట్టక రద్దయిన సందర్భంలో చాలా ఎండార్స్‌మెంట్లు 10 రోజులే ఇస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. చిన్న కాంట్రాక్టర్లు ప్రీమియాన్ని ఫైనాన్స్ కంపెనీ ద్వారా వాయిదాల్లో కడతారు. ఒక వాయిదా తప్పితే పాలసీ పోతుంది, మీ దగ్గరి సర్టిఫికెట్‌లో మాత్రం తేదీ అలాగే ఉంటుంది. నేను ప్రతి బిల్లు చెల్లించే ముందు ఏజెంటుకు ఒక లైను ఈమెయిల్ పెట్టి పాలసీ అమల్లో ఉందా అని అడుగుతాను. ఇన్సూరెన్స్ కాగితాలు సరిగ్గా లేకపోతే బిల్లు ఆపే హక్కు క్లాజులో ముందే రాసుకోండి. రాసుకోకుండా ఆపితే గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

తప్పు నాదైనా కాంట్రాక్టర్ పాలసీ కడుతుందా?

2012 నుంచి టెక్సస్‌లో నిర్మాణ కాంట్రాక్టులకు ఇన్సూరెన్స్ కోడ్ 151వ అధ్యాయం వర్తిస్తుంది. మీ సొంత నిర్లక్ష్యానికి కాంట్రాక్టర్ బాధ్యత వహించాలనే షరతు, దానికి అడిషనల్ ఇన్సూర్డ్ రక్షణ ఇవ్వాలనే షరతు, చాలావరకు చెల్లవు. పెద్ద మినహాయింపు ఒకటుంది. కాంట్రాక్టర్ ఉద్యోగికి, లేదా అతని సబ్‌కాంట్రాక్టర్ ఉద్యోగికి గాయమో మరణమో అయిన కేసుల్లో ఆ నిషేధం లేదు. సొంతిల్లు, డ్యూప్లెక్స్ లాంటి వాటికి ఈ అధ్యాయం వర్తించదు.

పని సగమైపోయింది. ఇప్పుడు చూస్తే CG 20 37 లేదు. ఏం చేయాలి?

ఈ రోజే కాంట్రాక్టర్‌కు రాతలో తెలియజేయండి. ఎండార్స్‌మెంట్ ఇప్పుడైనా చేర్చవచ్చు, ఎందుకంటే పని ఇంకా పూర్తవలేదు, మీకు కావలసిన రక్షణ మొదలయ్యేది పూర్తయ్యాకే. ఎండార్స్‌మెంట్ అమలు తేదీ చూడండి. అది పని పూర్తయ్యే రోజుకు ముందే ఉండాలి. ప్రమాదం జరిగిపోయాక చేర్చినది ఆ ప్రమాదానికి పనికిరాదు. కాంట్రాక్టర్ తన పాలసీలో అది దొరకదంటే, రూఫ్ పనికి చివరి బిల్లు ఇచ్చేముందే మీ ఏజెంటుతో మాట్లాడి మీ సొంత పాలసీలో ఏముందో తెలుసుకోండి. ఆ లోటుకు తగ్గట్టు బిల్లులో తగ్గింపు కోరే విషయం లాయరును అడగండి.

హైదరాబాద్‌లో మా ఇల్లు, గోడౌన్ కడుతున్నారు. అక్కడా ఇదే పద్ధతా?

కాదు. ఇండియాలో పెద్ద పనులకు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీని ఓనర్, కాంట్రాక్టర్ ఇద్దరి పేర్ల మీద కలిపి తీసుకుంటారు. అందులో కడుతున్న పనికి నష్టం, మూడోవాళ్లకు జరిగే నష్టం రెండూ ఉంటాయి. అక్కడ కూడా పాలసీ షెడ్యూల్‌లో మీ పేరు ఉందా అని చూడాలి. బీమా మొత్తం పూర్తి కాంట్రాక్టు విలువకు సమానంగా ఉందా అన్నది కూడా చూడాలి. తక్కువకు తీసుకుంటే నష్టపరిహారం ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా రిస్కు మొదలవదు, కాబట్టి రసీదు తేదీ అడగండి.

ఈ కాగితాలు ఎన్నాళ్లు దాచాలి?

కమర్షియల్ బిల్డింగ్ నిర్మాణ లోపాల మీద టెక్సస్‌లో సాధారణంగా పని పూర్తయిన పదేళ్ల దాకా దావా వేయొచ్చు. ఆక్యురెన్స్ పద్ధతి పాలసీలో నష్టం ఏ ఏడాది జరిగిందో ఆ ఏడాది పాలసీ జవాబు చెబుతుంది. కాబట్టి పని అయిన ఏడాది కాగితాలొక్కటే చాలవు. క్లాజులో "పని అయ్యాక ఇన్నేళ్లు" అని అడిగి ఉంటే, ఆ ప్రతి ఏడాదికీ కొత్త CG 20 37 లేదా దాని బ్లాంకెట్ ఫారం తెప్పించి పెట్టుకోవాలి. నేను ప్రతి ప్రాజెక్టుకు ఒక ఫోల్డర్ పెట్టి, పాలసీ ముగిసే తేదీనే ఫైలు పేరు మొదట్లో రాస్తాను. వరసలో చూస్తే ఏ ఏడాది కాగితం రాలేదో అక్కడే ఖాళీ కనిపిస్తుంది.